రెండు సర్వర్ల వీపీఎన్: దాచేది ఎంత, ఆలస్యం ఎంత

వీపీఎన్ యాప్‌లలో ‘డబుల్ వీపీఎన్’ లేదా ‘మల్టీ హాప్’ అనే మీట కింద సాధారణంగా ఒకే మాట కనిపిస్తుంది: మీ సమాచారానికి రెట్టింపు ఎన్‌క్రిప్షన్. ఆ మాటలో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. నేటి వీపీఎన్‌లు వాడే ఏఈఎస్-256నో, చాచా20నో ఒక్క పొరలో ఉన్నా పగలగొట్టి లోపల చూసినవాళ్లు లేరు. ఛేదించలేని తాళానికి ఇంకో తాళం తోడైతే భద్రత పెరిగినట్టు లెక్కకు రాదు. రెండో సర్వర్ వల్ల మారేది వేరే ఉంది. ఎవరు కనెక్ట్ అయ్యారు, ఎక్కడికి వెళ్లారు అనే రెండు విషయాలూ ఒకే చోట దొరకడం కష్టమవుతుంది. మల్టీ హాప్ అమ్మకం మాటల్లో ఈ సంగతి తరచు మరుగున పడిపోతుంది.

ఒక ఊహాజనిత సందర్భం తీసుకుందాం. హనుమకొండలో ఒక వ్యక్తి దగ్గర గ్రానైట్ క్వారీకి సంబంధించిన కొన్ని పత్రాలున్నాయి. వాటిని ముంబయి డేటా సెంటర్‌లో నడిచే ఒక వెబ్‌సైట్ ద్వారా సంపాదకుడికి పంపాలి. తానెవరో ఆ సైట్‌కు తెలియకూడదు, రేపు ఆ సైట్ రికార్డులు ఇంకెవరి చేతిలోనైనా పడినా తెలియకూడదు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ఒక సర్వర్ ఉన్న వీపీఎన్ చాలా, రెండు కావాలా?

ఒక సర్వరే ఉన్నప్పుడు ఎవరి రికార్డులో ఏం పడుతుందో చూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని వీపీఎన్ సర్వర్ అడ్రస్ 203.0.113.7 అనుకుందాం. మన దేశంలో ఇంటర్నెట్ సంస్థలు ఏ ఐపీ అడ్రస్ ఎప్పుడు ఏ అడ్రస్‌తో మాట్లాడిందో చెప్పే రికార్డును దాచి ఉంచాలి. దీన్నే ఐపీడీఆర్ అంటారు. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు మార్చి, దీన్ని కనీసం రెండేళ్లు ఉంచమని చెప్పింది. కాబట్టి హనుమకొండ కనెక్షన్ రికార్డులో ఉదయం 10:12కు 203.0.113.7తో మాటలు మొదలైనట్టు ఉంటుంది. లోపల ఏముందో కనిపించదు. అటు ముంబయి వెబ్‌సైట్ లాగ్‌లో ఉదయం 10:12కు 203.0.113.7 నుంచి ఒక ఫైలు వచ్చినట్టు ఉంటుంది. హనుమకొండ అడ్రస్ అక్కడ ఉండదు.

ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు వస్తే ఇంకేం కావాలి? అదే అడ్రస్, అదే నిమిషం. ఆ సమయంలో 203.0.113.7తో మాట్లాడిన తెలంగాణ కనెక్షన్లు ఎన్ని అని వెతికితే బహుశా నాలుగైదు, ఒక్కోసారి ఒకటే. వీపీఎన్ సంస్థను ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన పని లేదు. ఆ సంస్థ లాగ్‌లు ఉంచదన్న ప్రకటన నూటికి నూరు పాళ్లు నిజమైనా ఇక్కడ కాపాడదు. కొన్ని సంస్థలు లోపలికి వచ్చే అడ్రస్, బయటకు వెళ్లే అడ్రస్ వేరుగా పెడతాయి. కానీ రెండూ ఒకే డేటా సెంటర్‌లో, ఒకే అడ్రస్‌ల వరుసలో ఉంటే జత కలపడం పెద్ద పని కాదు.

ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో 198.51.100.20 అనే రెండో సర్వర్ చేరిందనుకుందాం. యాప్‌ల భాషలో ఫ్రాంక్‌ఫర్ట్ ఎంట్రీ, ఆమ్‌స్టర్‌డామ్ ఎగ్జిట్. హనుమకొండ రికార్డులో 203.0.113.7 ఉంటుంది, ముంబయి లాగ్‌లో 198.51.100.20 ఉంటుంది. రెండు కాగితాల్లో ఉమ్మడిగా ఉన్నది సమయం ఒక్కటే. అడ్రస్‌తో జత కలిపే దారి మూసుకుపోయింది. మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిన రాకపోకల రికార్డు కూడా సంపాదిస్తే తప్ప గొలుసు పూర్తికాదు. అందుకు ఇంకో దేశం, ఇంకో డేటా సెంటర్, ఇంకో న్యాయ ప్రక్రియ కావాలి.

రెండో లాభం సర్వర్ చేతులు మారినప్పుడు తెలుస్తుంది. 2018 మార్చిలో ఫిన్లండ్‌లో నార్డ్‌వీపీఎన్ అద్దెకు తీసుకున్న ఒక సర్వర్‌లోకి, ఆ డేటా సెంటర్ పెట్టుకున్న రిమోట్ నిర్వహణ సాధనం గుండా ఎవరో చొరబడ్డారు. ఈ సంగతి 2019 అక్టోబరులో బయటి ప్రపంచానికి తెలిసింది. వీపీఎన్ సంస్థ మంచిదే అయినా సర్వర్ పెట్టిన గది వేరేవాళ్లది కావచ్చని దాంతో అందరికీ తెలిసింది. అలాంటి సర్వర్‌లో కూర్చున్నవాడికి ఒకే సర్వర్ ఉన్న వీపీఎన్‌లో అన్నీ కనిపిస్తాయి: ఎవరు వచ్చారు, ఎటు వెళ్లారు. రెండు సర్వర్ల గొలుసులో చెడింది ఎగ్జిట్ అయితే, అతనికి కనిపించేది ఫ్రాంక్‌ఫర్ట్ అడ్రస్ మాత్రమే. హనుమకొండ అతని కంటికి ఆనదు.

చెడింది ఎంట్రీ అయితే?

దీనికి జవాబు గొలుసు కట్టిన తీరును బట్టి ఉంటుంది. కట్టడంలో రెండు పద్ధతులున్నాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి పద్ధతిలో ఫోన్ లేదా కంప్యూటర్ ఎంట్రీ సర్వర్ వరకే టన్నెల్ వేస్తుంది. ఎంట్రీ దాన్ని విప్పి, మళ్లీ వేరే తాళం వేసి ఎగ్జిట్‌కు పంపుతుంది. విప్పిన ఆ క్షణంలో ఎంట్రీ సర్వర్‌కు హనుమకొండ అడ్రస్ తెలుసు, ముంబయి అడ్రస్ కూడా తెలుసు. అంటే ఎగ్జిట్ చెడితే రక్షణ ఉంటుంది. ఎంట్రీ చెడితే మాత్రం ఒకే సర్వర్ ఉన్నప్పటి స్థితే.

రెండో పద్ధతిలో రెండు పొరలూ వాడేవారి పరికరంలోనే పడతాయి. ముందు ఎగ్జిట్‌కు మాత్రమే తెలిసిన తాళం, దాని మీద ఎంట్రీ తాళం. ఎంట్రీ తన పొర విప్పితే లోపల దొరికేది ‘ఇది ఆమ్‌స్టర్‌డామ్‌కు’ అన్న చిరునామా, విప్పలేని ఇంకో మూట. ముంబయి ప్రస్తావన ఎంట్రీ కంటికి ఎప్పటికీ రాదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోటోకాల్‌తో మల్వాడ్ సంస్థ ఇచ్చే మల్టీ హాప్ ఈ తరహాది. యాప్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని సర్వర్లు’ అని కాదు, ‘ఎగ్జిట్ తాళం నా పరికరంలో ఉంటుందా, ఎంట్రీ సర్వర్‌లో ఉంటుందా’ అని. వైర్‌గార్డ్ సెట్టింగ్ ఫైలు ఇచ్చే సంస్థ అయితే చూసి తెలుసుకోవచ్చు. ఫైలులోని పబ్లిక్ కీ ఎగ్జిట్ సర్వర్‌దై, ఎండ్‌పాయింట్ అడ్రస్ ఎంట్రీ సర్వర్‌దైతే ఎంట్రీ మూటను విప్పలేదు, రక్షణలో అది రెండో పద్ధతి లాంటిదే. కీ, అడ్రస్ రెండూ ఎంట్రీవే అయితే విప్పేది ఎంట్రీయే.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. రెండు సర్వర్లూ ఒకే సంస్థవి అయినప్పుడు నమ్మకం రెండు ముక్కలు కాలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ యంత్రం, ఆమ్‌స్టర్‌డామ్ యంత్రం ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. ఆయన తలచుకుంటే, లేదా ఆయనను ఎవరైనా బలవంతపెడితే, రెండింటినీ కలిపి చూడగలడు. ఒకే సంస్థ ఇచ్చే మల్టీ హాప్ డేటా సెంటర్ల నుంచి, దారిలో కాపలా కాసేవాళ్ల నుంచి కాపాడుతుంది. ఆ సంస్థ నుంచే కాపాడదు.

రెండు వేర్వేరు సంస్థలను కలిపితే ఆ లోటు తీరుతుందా? సగమే. మొదటి సంస్థకు హనుమకొండ అడ్రస్ తెలుసు, గమ్యం తెలియదు. రెండో సంస్థకు గమ్యం తెలుసు, హనుమకొండ అడ్రస్ తెలియదు. ఇంతవరకు బాగుంది. కానీ రెండో సంస్థకు చందా కట్టింది యూపీఐతోనో, సొంత కార్డుతోనో అయితే? అడ్రస్ తెలియకపోయినా పేరు తెలిసిపోయింది. అడ్రస్ దాచడానికి అంత శ్రమపడి పేరు రాసి ఇచ్చినట్టయింది. ఇలాంటి గొలుసులు ఎక్కువగా తెగేది ఇక్కడే. కాబట్టి పేరుతో ముడిపడిన చెల్లింపు ఎంట్రీ సంస్థ దగ్గర ఉంటే నష్టం లేదు, ఎగ్జిట్ సంస్థ దగ్గర ఉండకూడదు. ఎంట్రీకి మనిషి ఎలాగూ తెలుసు. ఇదే విభజనను ఆపిల్ 2021లో ప్రకటించిన ప్రైవేట్ రిలేలో మొదటి నుంచే కట్టుకుంది. మొదటి సర్వర్ ఆపిల్‌ది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ వంటి బయటి సంస్థలది. అది సఫారీ బ్రౌజింగ్‌కే ప్రధానంగా పరిమితం, పూర్తి వీపీఎన్ కాదు. అయినా పని పంచిన తీరు సరైనది.

ఎన్ని సర్వర్లు పేర్చినా దాటలేని హద్దు ఒకటుంది, అదే సమయం. హనుమకొండ నుంచి 10:12కు మొదలై రెండు నిమిషాల్లో 40 మెగాబైట్లు బయటకు వెళ్లాయి. ముంబయి సైట్‌కు 10:12కు మొదలై రెండు నిమిషాల్లో 40 మెగాబైట్లకు కాస్త తక్కువ వచ్చాయి. రెండు చివరలనూ చూడగలిగినవాడికి అడ్రస్ అక్కర్లేదు, ఈ పోలిక చాలు. మామూలు వీపీఎన్ గొలుసులు ప్యాకెట్లను కావాలని ఆపవు, ఉత్తుత్తి ప్యాకెట్లను కలపవు. వచ్చింది వచ్చినట్టే పంపేస్తాయి. అందువల్ల రాకపోకల ఆకారం చెక్కుచెదరకుండా అవతలి చివర తేలుతుంది. ఇద్దరు ముగ్గురు మాత్రమే వాడుతున్న సర్వర్ అయితే మరీ సులువు. వందల మంది ఒకేసారి వాడే ఎగ్జిట్ అయితే కాస్త మరుగు దొరుకుతుంది. ఒకే డేటా సెంటర్‌లో ఎంట్రీ, ఎగ్జిట్ రెండూ ఎంచుకుంటే చూసేవాడికి రెండు చివరలూ ఒకే కిటికీలోంచి కనిపిస్తాయి. అప్పుడు గొలుసు వల్ల మిగిలేది పేరు ఒక్కటే.

పత్రాలు పంపేటప్పుడు అదే బ్రౌజర్‌లో సొంత మెయిల్ తెరిచి ఉంటే పైన చెప్పినదంతా వృథా అన్నది చాలామందికి తెలిసిందే. కుకీలకు సర్వర్ల లెక్కతో పనిలేదు.

దూరం వసూలు చేసే పన్ను

వేగం విషయంలో జనం మొదట అనుమానించేది ఎన్‌క్రిప్షన్‌ను. రెండుసార్లు తాళం వేయాలి కదా, అందుకే నెమ్మదిస్తుంది అనుకుంటారు. పాత రూటర్‌లో వీపీఎన్ నడిపేవాళ్ల విషయంలో అది నిజమే. ఆ చిన్న ప్రాసెసర్‌కు ఒక పొరే బరువు, రెండు పొరలు అలవికాని బరువు. కానీ ఈ కాలపు ఫోన్‌కైనా ల్యాప్‌టాప్‌కైనా 100 ఎంబీపీఎస్‌లో అది పెద్ద లెక్క కాదు. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. అసలు ఖర్చు దూరానిది.

ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకు రానూపోనూ ఒక మిల్లీసెకను. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలా ప్రకటనల బండారం కాగితం మీదే బయటపడుతుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్ మీదుగా ముంబయికి 850 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రానూపోనూ సుమారు 8.5 మిల్లీసెకన్ల కన్నా తక్కువ పట్టడం అసాధ్యం. తీగలు తిన్నగా ఉండవు, మధ్యలో రూటర్లు ఉంటాయి కాబట్టి 20 నుంచి 30 చూడవచ్చు. 25 అనుకుందాం. ముంబయి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు దారి అరేబియా సముద్రం, ఎర్రసముద్రం, ఈజిప్టు, మధ్యధరా సముద్రం మీదుగా మార్సెయ్‌కు, అక్కడి నుంచి భూమార్గంలో పైకి. తీగ పొడవు 9,000 కిలోమీటర్లకు పైనే, అందుకే 110 నుంచి 130 మిల్లీసెకన్లు సాధారణం. కింద లెక్కలో వాడిన అంకెలు ఇలాంటి మామూలు విలువలు. ఇంటర్నెట్ సంస్థను బట్టి, వేళను బట్టి అవి మారుతుంటాయి. 2024 ఫిబ్రవరిలో, 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు ఈ దారి బాగా దెబ్బతిన్నది.

హనుమకొండ నుంచి ముంబయి సైట్‌కు వీపీఎన్ లేకుండా వెళ్తే 25. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్క సర్వర్ పెడితే వెళ్లడానికి 140, అక్కడి నుంచి మళ్లీ ముంబయికి 120, మొత్తం 260. పక్క రాష్ట్రంలో ఉన్న సైట్ కోసం యూరప్ దాకా వెళ్లి రావడం అన్నమాట. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండో సర్వర్ చేర్చితే? ఫ్రాంక్‌ఫర్ట్‌కు 140, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 8, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబయికి 125. మొత్తం 273. రెండో సర్వర్ వల్ల పెరిగింది 13 మిల్లీసెకన్లు, అంటే ఐదు శాతం. పెద్ద దెబ్బ మొదటి సర్వర్‌తోనే తగిలింది.

ఇదే లెక్క సింగపూర్‌తో వేస్తే ఫలితం తిరగబడుతుంది. హనుమకొండ నుంచి చెన్నై మీదుగా సింగపూర్‌కు 60, అక్కడి నుంచి ముంబయికి 60. ఒక్క సర్వర్‌తో 120 మాత్రమే. దానికి ఆమ్‌స్టర్‌డామ్‌ను ఎగ్జిట్‌గా తగిలిస్తే సింగపూర్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 165, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబయికి 125. మొత్తం 350. రెండో సర్వర్ ఇక్కడ ఆలస్యాన్ని దాదాపు మూడింతలు చేసింది. వరంగల్ నుంచి ఢిల్లీ వెళ్లే రైలు రామగుండంలో ఆగితే పోయేది రెండు నిమిషాలు, విజయవాడ దాకా వెళ్లి వెనక్కి వచ్చి బయల్దేరితే పోయేది పూట. కాబట్టి ‘మల్టీ హాప్ వేగాన్ని సగం చేస్తుంది’ వంటి గుండుగుత్త మాటలకు అర్థం లేదు. రెండు సర్వర్లు ఒకే దిశలో, దగ్గరదగ్గరగా, కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు డేటా సెంటర్లలో ఉంటే రక్షణ దక్కుతుంది, ఖర్చు నామమాత్రం. యాప్ తనంతట తాను ఎంచిన జతను గుడ్డిగా వాడితే ప్యాకెట్లు ప్రపంచయాత్ర చేస్తాయి.

ఈ మిల్లీసెకన్లు పేజీ తెరిచేటప్పుడు ఎలా తెలుస్తాయంటే, ఒక కొత్త సైట్‌కు మొదటి అక్షరం రావడానికి సాధారణంగా మూడు రానూపోనూలు కావాలి: కనెక్షన్ కలపడానికి ఒకటి, టీఎల్‌ఎస్ తాళాలు మార్చుకోవడానికి ఒకటి, పేజీ అడిగి తెచ్చుకోవడానికి ఒకటి. వీపీఎన్ లేకుండా 75 మిల్లీసెకన్లు, మనిషికి తెలియదు. ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ గొలుసుతో 0.8 సెకను, తెలుస్తుంది. సింగపూర్, ఆమ్‌స్టర్‌డామ్ గొలుసుతో సెకను దాటుతుంది, విసుగొస్తుంది. పత్రాలు పంపేవారు ఒక సెకనుకు కంగారుపడరు. వీడియో కాల్ మాట్లాడేవారికి 350 మిల్లీసెకన్లంటే ఒకరి మాట మీద ఒకరు పడటం.

డౌన్‌లోడ్ వేగం సంగతి ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. దారిలో ప్యాకెట్లు అప్పుడప్పుడు పోతాయి. పోయినప్పుడల్లా టీసీపీ వేగం తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుకుంటుంది. ఆ పెంచడం రానూపోనూ సమయం మీద ఆధారపడుతుంది. 1997లో మాథిస్ తదితరులు ఇచ్చిన అంచనా సూత్రం ప్రకారం, పోయే ప్యాకెట్ల పాళ్లు మారకపోతే వేగం రానూపోనూ సమయానికి విలోమంగా ఉంటుంది. పదివేలకు ఒక ప్యాకెట్ పోయే దారిలో, 25 మిల్లీసెకన్లకు 50 ఎంబీపీఎస్ ఇచ్చే కనెక్షన్ 273కు సుమారు 4.6 ఇస్తుంది. నేటి క్యూబిక్, బీబీఆర్ వంటి పద్ధతులు ఇంతకన్నా బాగా తట్టుకుంటాయి కాబట్టి నిజ జీవితంలో అంకె ఇంత దారుణంగా ఉండదు. అయినా వాలు అటువైపే.

స్పీడ్ టెస్ట్ యాప్‌లు ఈ వాలును కప్పేస్తాయి. అవి ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తాయి, ఒకటి తడబడినా మిగతావి పూడుస్తాయి. పైగా పరీక్షకు ఎగ్జిట్ అడ్రస్‌కు దగ్గరున్న సర్వర్‌ను, అంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని దాన్ని ఎంచుకుంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబయికి తిరిగివచ్చే దారి కొలతలోకే రాదు. ‘స్పీడ్ టెస్ట్‌లో 80 వస్తోంది, ఫైలు మాత్రం కదలడం లేదు’ అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. కొలవాలంటే నిజంగా వాడే సైట్ నుంచి ఒకే పెద్ద ఫైలు దించి చూడాలి.

ఇండియాలోనే ఎంట్రీ పెట్టుకుంటే దూరం తగ్గుతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడ చట్టం అడ్డొస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందారుల పేరు, చిరునామా, ఇచ్చిన ఐపీ అడ్రస్‌ల వంటి వివరాలను ఐదేళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటివి ఇక్కడి యంత్రాలను తీసేశాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ జాబితాలో ‘ఇండియా’ పేరుతో కనిపించేవి సింగపూర్, బ్రిటన్‌ల నుంచి ఇండియా అడ్రస్‌తో నడిచేవని ఆ సంస్థే అప్పట్లో చెప్పింది. ఇండియా పేరున్న సర్వర్ నిజంగా ఇక్కడుందో లేదో తేల్చడానికి పైన చెప్పిన సూత్రమే చాలు. హనుమకొండ నుంచి పింగ్ చేస్తే 15 మిల్లీసెకన్లు వస్తే ఆ యంత్రం దేశంలోనే ఉంది, ఎందుకంటే అంత తక్కువలో సింగపూర్ వెళ్లి రావడం వెలుగుకు కూడా చేతకాదు. 60 వస్తే సముద్రం దాటి ఉండవచ్చు.

పొరల మందం

ఒక్కో వైర్‌గార్డ్ పొర ఐపీవీ4 మీద ప్రతి ప్యాకెట్‌కు 60 బైట్లు, ఐపీవీ6 మీద 80 బైట్లు కలుపుతుంది. రెండు పొరలకు 120 వేసుకున్నా, నిండు ప్యాకెట్‌లో అది ఎనిమిది శాతం. వేగంలో ఆ నష్టాన్ని ఎవరూ గమనించరు. గమనించేది పరిమాణం సరిపోకపోవడం వల్ల వచ్చే చికాకును. ఫైబర్ కనెక్షన్లలో చాలావాటిలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ ఉంటుంది. అది 8 బైట్లు తినేసి ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, అంటే ఎంటీయూను, 1500 నుంచి 1492కు దించుతుంది. ఒక్కో పొరకు 80 చొప్పున వదిలితే బయటి టన్నెల్‌కు 1412, లోపలి దానికి 1332 మిగులుతాయి. లోపలి టన్నెల్ కూడా మామూలు 1420తోనే ఉంటే దాని ప్యాకెట్లు బయటి టన్నెల్‌లో పట్టవు. అవి ముక్కలవుతాయి, లేదా దారిలో ఎక్కడో రాలిపోతాయి.

దీని లక్షణం గుర్తుపట్టడం తేలిక. వాట్సాప్ సందేశాలు వెళ్తాయి, పింగ్ బాగుంటుంది, కొన్ని పేజీలు తెరుచుకుంటాయి. బొమ్మలు, ఫైళ్లు ఉన్న పేజీ మాత్రం సగంలో తెల్లబోయి నిలబడుతుంది. చిన్న ప్యాకెట్లు దూరుతున్నాయి, పెద్దవి ఇరుక్కుంటున్నాయన్నమాట. లినక్స్‌లో ఈ రెండు ఆదేశాలతో తేలిపోతుంది:

```
ping -M do -s 1200 1.1.1.1
ping -M do -s 1304 1.1.1.1
```

పింగ్ తన వంతు 28 బైట్లు కలుపుకుంటుంది కాబట్టి 1304 అంటే ప్యాకెట్ 1332. మొదటిది జవాబిచ్చి రెండోది మౌనంగా ఉంటే లోపలి టన్నెల్ ఎంటీయూ ఇంకా తగ్గించాలి. 1280 దాకా దించినా కోల్పోయే వేగం స్వల్పం. యాప్‌లోనే రెండు హాప్‌లూ నడిచేటప్పుడు ఈ సర్దుబాటు చాలావరకు యాప్ చూసుకుంటుంది. సొంతంగా గొలుసు కట్టేవారికే ఈ తలనొప్పి.

చడీచప్పుడు లేకుండా తెగే గొలుసు

రెండు సంస్థలను కలిపి సొంతంగా కట్టే గొలుసులో ఇంతకన్నా ప్రమాదకరమైన లోపం ఒకటుంది. లినక్స్‌లో వైర్‌గార్డ్ సాధనం wg-quickతో కట్టినప్పుడు కీలకమైన వరుసలు ఇలా ఉంటాయి:

```
# wg0.conf (ఎంట్రీ)
FwMark = 51820
MTU = 1412
Endpoint = 203.0.113.7:51820
AllowedIPs = 198.51.100.20/32

# wg1.conf (ఎగ్జిట్)
MTU = 1332
Endpoint = 198.51.100.20:51820
AllowedIPs = 0.0.0.0/0, ::/0
```

wg0 గుండా వెళ్లేది ఒక్క ఎగ్జిట్ సర్వర్ అడ్రస్‌కు వెళ్లే ప్యాకెట్లే. మిగతా ప్రపంచమంతా wg1 గుండా వెళ్తుంది, wg1 తన మూటలను wg0కు అప్పగిస్తుంది. wg0లో `FwMark` వరుస లేకపోతే దాని మూటలు మళ్లీ wg1లోకే తిరిగివస్తాయి, గొలుసు నడవదు. చివరి వరుసలోని `::/0` మరిచిపోతే ఐపీవీ6 రాకపోకలు రెండు టన్నెళ్లనూ తప్పించుకుని నేరుగా బయటకు పోతాయి. జియో వంటి మొబైల్ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ కాబట్టి ఇక్కడ ఇది ఉత్త సైద్ధాంతిక భయం కాదు.

ఇప్పుడు ఏ కారణంగానో wg0 ఇంటర్‌ఫేస్ దిగిపోయిందనుకుందాం. ఎవరో దాన్ని రీస్టార్ట్ చేయబోయారు, అది పైకి లేవలేదు. దానితోపాటు 198.51.100.20కు ఉన్న ప్రత్యేక దారి కూడా మాయమవుతుంది. wg1కు ఇవేవీ తెలియవు. దాని మూటలకు మామూలు దారి కనిపిస్తుంది, హనుమకొండ ఫైబర్ నుంచి నేరుగా ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిపోతాయి. ఇంటర్నెట్ ఆగదు. ఐపీ అడ్రస్ చూపించే సైట్‌లో ఎప్పటిలాగే ఆమ్‌స్టర్‌డామ్ అని వస్తుంది. వేగం కూడా కాస్త మెరుగవుతుంది, వాడేవారు సంతోషిస్తారు. కానీ ఆ నిమిషం నుంచి ఇంటర్నెట్ సంస్థ రికార్డులో పడే అడ్రస్, ముంబయి లాగ్‌లో పడే అడ్రస్ ఒక్కటే. గమనిక: wg0 నిలబడే ఉండి ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్ మాత్రమే చచ్చిపోతే ఈ ప్రమాదం లేదు, ఇంటర్నెట్ ఆగిపోతుంది, అంతే. గొలుసు తెగినట్టు కనీసం తెలుస్తుంది.

‘నా ఐపీ ఎంత’ అని చెప్పే సైట్లు ఎగ్జిట్‌ను మాత్రమే చూపిస్తాయి కాబట్టి గొలుసు నిలిచి ఉందో లేదో వాటితో తేలదు. అడగాల్సింది సొంత కంప్యూటర్‌నే. wg-quick తన మూటల మీద 51820 అనే గుర్తు వేస్తుంది. ఆ గుర్తుతో దారి అడగాలి:

```
ip route get 198.51.100.20 mark 51820
```

జవాబులో `dev wg0` ఉంటే గొలుసు ఉంది. `wlan0` వంటి మామూలు కార్డు పేరు వస్తే తెగింది. తెగినప్పుడు నేరుగా పోకుండా ఆపడానికి ముందుగానే ఒక అడ్డుగోడ పెట్టుకోవచ్చు:

```
ip route add unreachable 198.51.100.20/32 metric 9999
```

wg0 ఉన్నంతసేపు దాని దారికే ప్రాధాన్యం, ఈ వరుస నిద్రపోతుంది. wg0 పోయిన క్షణం ఇది మేలుకుని ఎగ్జిట్‌కు దారి లేదంటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయితే ఈ వరుస చెరిగిపోతుంది కాబట్టి, టన్నెళ్లు లేవడానికి ముందే నడిచే స్క్రిప్ట్‌లో దీన్ని చేర్చాలి. తర్వాత `wg-quick down wg0` అని కావాలనే దించి, బ్రౌజర్‌లో ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడాలి. పేజీ తెరుచుకోకపోతే గోడ పనిచేస్తున్నట్టు. తెరుచుకుంటే పత్రాలు పంపే పని అప్పటికి వాయిదా వేయాలి.